వీరయ్య ఇంటికి ముందే పడిన మరకలు

నరసరావుపేటలో రంగుల కొట్టు కామేశం కూతురు సాయిసాత్విక పని, ఇంకా కట్టని ఇళ్లకు ఫొటోల్లాంటి బొమ్మలు చేయడం. కొట్టు పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పునాది కూడా తీయని మేడను గృహప్రవేశానికి సిద్ధం చేసేస్తుంది. వచ్చేవన్నీ ఒకే రకం బేరాలు. వంగపండు రంగు గోడ, బంగారు గ్రిల్లు, గుమ్మానికి అటూ ఇటూ సింహాలు. నల్లమలలో సింహం లేదు గానీ పల్నాడు మేడల మీద మందలున్నాయి. వాటి జూలు దువ్వీ దువ్వీ సాత్వికకు మొహం మొత్తింది.

అప్పుడు గుంటూరు ఆర్కిటెక్టు ప్రవీణ్ కుమార్ ఒక పని ఇచ్చాడు. ముప్పాళ్ళలో మాజీ సర్పంచి వీరయ్యకు ఇల్లు. సిమెంటు పూత లేదు, రంగు లేదు, కాంక్రీటు గోడే పైకి కనిపిస్తుంది. జన్మలో రంగు వేయించక్కర్లేదన్న ఒక్క మాటకు వీరయ్య సగం పడ్డాడు. మిగతా సగాన్ని బొమ్మ పడగొట్టాలి. ఆయన ఊ అంటే ఇకపై ఆ ఆఫీసు బొమ్మలన్నీ సాత్వికవే. ఊహూ అంటే మళ్ళీ సింహాలే. సంగతి విన్న కామేశం, రంగులమ్మి చదివించిన కూతురు రంగుల నోట్లోనే మట్టి కొడుతోందని వచ్చిన గిరాకీలందరికీ చెప్పుకున్నాడు.

మొదటి బొమ్మ చూసి ప్రవీణ్ కుమార్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, వాటర్ ట్యాంకుకి కిటికీలు పెట్టావేంటి?"

నిజమే. గోడంతా ఒకే బూడిద రంగు, ఒకే నునుపు, ఒకే మెరుపు. అచ్చం ప్లాస్టిక్. రోషం వచ్చి ఇంటర్నెట్లో దొరికిన కాంక్రీటు ఫొటో ఒకటి గోడంతా అతికించింది. రెండు గజాలకోసారి అదే మరక మళ్ళీ వచ్చింది, ఇంటిల్లిపాదికీ బుగ్గ మీద ఒకే పుట్టుమచ్చ ఉన్నట్టు. కాంక్రీటు గోడల మీద కనిపించే గుండ్రటి బొక్కలైతే తాలింపులో ఆవాలు చిట్లినట్టు ఎక్కడ పడితే అక్కడ చల్లింది. దానికి ప్రవీణ్ కుమార్ ఫోన్ కూడా చేయలేదు.

ఇక లాభం లేదని స్కూటీ వేసుకుని కాలవ వంతెన కిందికి పోయింది. గోడను తడిమింది, పక్కనుంచి వాలి చూసింది, ఫొటోలు తీసింది. వంతెన కూలుతుందా అని దారినపోయేవాళ్ళు ఆగి అడిగారు. అక్కడ తెలిసింది, గోడ మీది గీతలు సోకు కోసం కావని. కాంక్రీటు పోసేటప్పుడు నిలబెట్టిన ప్లైవుడ్ పలకల అతుకులవి. అతుకులోంచి కారిన సిమెంటు పాలు సన్నని గట్టులా గడ్డకట్టాయి. పలకలు విచ్చుకుపోకుండా అటూ ఇటూ బిగించిన కడ్డీలవి ఆ బొక్కలు, అందుకే ప్రతి పలకలోనూ ఒకే వరసలో ఉన్నాయి. పక్కపక్క పలకలు కూడా ఒక్క ఛాయలో లేవు. ఒకటి కాస్త నలుపు, ఒకటి కాస్త తెలుపు, ఒకచోట నునుపు, ఒకచోట గరుకు.

ఇంటికొచ్చి ముందు పలకల లెక్క గీసుకుంది. అతుకులు కిటికీ అంచులకు కలిసేట్టు సర్దింది. ప్రతి పలకకు ఛాయ, మెరుపు రవ్వంత మార్చింది. పిట్టగోడ మీంచి, కిటికీ చూరు కొసల నుంచి సన్నగా మొదలై కిందికి పోనుపోను మాసిపోయే నీటి చారలు పెట్టింది.

ప్రవీణ్ కుమార్ నేరుగా చూపించి రమ్మంటే లాప్‌టాప్ వీరయ్య వసారాలో తెరిచింది. ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. భార్య వెంకాయమ్మే ముందు అందుకుంది.

"ఈ బొక్కల్లో కందిరీగలు కాపరం పెడతయ్యే."

"లోపల పూడుస్తారు పిన్నీ. పైకి చిన్న గుంట కనపడుద్ది, అంతే."

వీరయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది సరే. ఇంకా శంకుస్థాపనే కాలా, అప్పుడే నా ఇంటికి మరకలేందమ్మాయ్? చూసినోళ్ళు సర్పంచికి డబ్బులైపోయి వదిలేశాడనరూ?"

తుడిచేస్తే ఆయన ఊ అంటాడు. కానీ బొమ్మ మళ్ళీ ట్యాంకవుతుంది. సాత్విక మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"తుడుస్తా బాబాయ్, ఒక్క నిమిషం పని. నేను తుడుస్తా గానీ వాన తుడవదుగా. రెండు వానలకి ఇట్టాగే అవుద్ది. అప్పుడు మేస్త్రిని తిట్టేకన్నా ఇప్పుడు నన్ను తిట్టు."

వెంకాయమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. వీరయ్య ముక్కు తెరకు తగిలేంత వంగి, ఒక్కో చార వెంటా వేలితో పైనుంచి కిందికి దిగాడు.

"నీ మొహం," అన్నాడు చివరికి. "తూర్పు గోడకి ఇంత మరకెట్టా పడుద్ది? ఇక్కడ వాన కొట్టేది పడమట నుంచి. ఏది, అటు జరుపు."

సాత్విక జరిపింది. పడమటి గోడ నల్లబడింది. తూర్పు గోడకు పిట్టగోడ కింద రెండు చారలే మిగిలాయి.

"ఇంకాస్త. ఆ మూల. ఆడ గాలి సుడి తిరుగుద్ది."

ఆ మూల కూడా అయ్యాక ఆయన ఫోన్ తీసి ప్రవీణ్ కుమార్‌కు కలిపాడు. ముహూర్తం తర్వాత చూద్దాం గానీ ముందు పడమటి కిటికీలకు చూరు ఇంకో జానెడు బయటికి లాగమన్నాడు.