బాతు తలుపు తట్టే ఎనిమిది సెకన్లు

తిరువనంతపురంలోని మా స్టూడియోలో మేమంతా అక్క అనే అర్థంలో చేచ్చి అని పిలిచే లతికచేచ్చి పదకొండేళ్లుగా రెండేళ్ల పిల్లల కోసం తీసే కార్టూన్లు ఎడిట్ చేస్తోంది. బాతు తలుపు తట్టే దృశ్యాన్ని ఎనిమిది సెకన్లు షాటు మార్చకుండా ఉంచేది. తట్టేది ఎవరో కనిపించదు; మూడుసార్లూ అదే మూసిన తలుపు, అదే మెత్తని చప్పుడు. మూడోసారి తట్టాక, తలుపు తెరుచుకునే ముందు కాసేపు నిశ్శబ్దం.

కిందటి జూన్‌లో ఓనరు చెరియాన్ సారు అది చూసి మొహం చిట్లించాడు. "ఏంటి లతికా, బాతు నిద్రపోయిందా? రెండు సెకన్లకో షాటు మార్చు. గంటలు, ఈలలు పడాలి. చూసేవాళ్లు జారిపోతున్నారు."

"పసిపిల్లలు సార్. బొమ్మలో ఏది ఎక్కడుందో పోల్చుకోడానికే వాళ్లకి టైం పడుతుంది."

ఆమె రెండు రకాలుగానూ ఎడిట్ చేసి, వీధి చివరి అంగన్‌వాడీలో చూపించింది. సారూ, నేనూ వెళ్లాం. నెమ్మదిగా సాగేదాంట్లో నిశ్శబ్దం రాగానే, తలుపు తెరుచుకోకముందే పిల్లలు బాతు పేరు చెప్పేశారు. వేగంగా సాగేదాన్ని నోళ్లు తెరుచుకుని, మాటాపలుకూ లేకుండా చూశారు. ఆపగానే ఇద్దరు ఏడ్చారు.

"ఆపితే ఏడుస్తున్నారు చూడు. మనకి కావలసింది అదే," అన్నాడు సారు.

చేచ్చి భర్త మంచాన పడి రెండేళ్లయింది. ఉద్యోగం వదిలే వీల్లేదు. ఆ వారమంతా ఆమె పాత ఎపిసోడ్లు తెరిచి, ఆ నిశ్శబ్దాలను ఒక్కొక్కటిగా తీసేసింది.

"పిల్లలు జవాబు చెప్పే చోటు బిజూ ఇది. నా చేత్తోనే తీసేస్తున్నాను," అంది నాతో.

ఓణం పండగ నాటికి చూసేవాళ్లు రెట్టింపయ్యారు. సారు అందరికీ పాయసం పంచాడు. చేచ్చి తన గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ పనిలో కూర్చుంది.