నా భూతద్దం సాక్ష్యం

తుర్దుబెక్ బాయ్కేకి పుట్టుకతోనే చూపు లేదు. మా కరాకోల్ ఊరి బీమా ఆఫీసులో పదకొండేళ్ళు ఫిర్యాదుల పని చూశాడు. చిన్నవాళ్ళే కాదు, వయసులో ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ను పెద్దన్నగానే చూసి బాయ్కే అనేవాళ్ళు. ఆయన కంప్యూటరులో తెరమీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రాం ఉండేది. ఒక చెవిలో అది గబగబా చదువుతూ ఉంటే, మరో చెవితో ఫోనులో జనం తిట్లు వినేవాడు. గుర్రం చచ్చిపోయిన రైతు కేకలు వేసినా ఆయన గొంతు పెరిగేది కాదు. మధ్యాహ్నం చల్లటి ఆశ్లాన్‌ఫు నూడుల్సు తినేటప్పుడు మాత్రం అందరినీ ఏడిపించేవాడు.

పక్క బల్ల నాది. నాకు చూపు మిగిలింది మధ్యలో కాస్తే. తెరను పెద్దది చేసి చూపే భూతద్దం ప్రోగ్రాంతో నెట్టుకొస్తున్నాను.

ఒక వసంతంలో రాజధాని బిష్కెక్‌లోని హెడ్డాఫీసు మా పనంతటినీ తమ సర్వర్లోకి మార్చింది. ఇక్కడ కూర్చుని అక్కడి కంప్యూటరును నడపాలి. మా తెరమీద ఒక విండో తెరుచుకుంటుంది, అందులో అక్కడి తెర కనిపిస్తుంది. తుర్దుబెక్ ఆ విండోలోకి వెళ్ళగానే ఆయన ప్రోగ్రాం విండో పేరు ఒక్కటే చెప్పి నోరు మూసుకుంది. మీటలు నొక్కితే అక్షరాలు అక్కడ పడుతున్నాయి, కానీ ఏం పడుతున్నాయో ఆయనకు వినపడదు.

ఆయన చేతకానివాడు కాదు. కారణం పట్టుకుని ఉత్తరం రాశాడు: చదివే ప్రోగ్రాం సర్వర్లో ఉండాలి, దాని శబ్దం ఇక్కడికి వచ్చేలా పెట్టాలి. బిష్కెక్‌లో కంప్యూటర్లు చూసే అదిల్ మా కరాకోల్ కంప్యూటర్లోకి దూరం నుంచే తొంగిచూసి, ప్రోగ్రాం చక్కగా నడుస్తోందని జవాబిచ్చాడు. నడుస్తోంది మరి, ఇక్కడ. సర్వర్లో కొత్తవేమీ ఎక్కించడం నిబంధనలకు విరుద్ధమని కూడా చేర్చాడు. ఆ నిబంధన ఎవరూ చూసి ఎరుగరు.

చివరకు పరీక్ష పెట్టారు. చూపు తక్కువైన ఇద్దరు ఉద్యోగులూ సర్వర్ మీద పనిచేసి చూపాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. అంతకు ముందురోజు భోజనాల దగ్గర తుర్దుబెక్ నా భూతద్దం సర్వర్లో పనిచేస్తుందా అని అడిగాడు. అక్షరాలు అలుక్కుపోయినా పెద్దవవుతున్నాయని చెప్పాను.

"అవుతాయే, సయ్రగుల్. నీ భూతద్దానికి బొమ్మయితే చాలు. మనకి బిష్కెక్ నుంచి వచ్చేదే బొమ్మ. నా దానికి బొమ్మలో మాటలు దొరకవు. రేపు అడిగితే ఇదే చెప్పు, ఇంకేం వద్దు."

నాకు అర్థమైంది. ఇక్కడే చెబుతున్నాను, పూర్తిగా అర్థమైంది.

మర్నాడు మేనేజరు కలీచా నన్ను పక్కకు పిలిచి టీ పోసి ఇచ్చింది. ఇద్దరూ కుదరదంటే ఇద్దరి బల్లలూ ఎత్తేసి ఇంటికి పంపుతారని మెల్లగా చెప్పింది. నాకు ఇద్దరు ఆడపిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. ఆ సాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా అది సాకే.

పరీక్షలో నా భూతద్దం తెరను పెద్దది చేసింది. తుర్దుబెక్ పది నిమిషాలు నిశ్శబ్దాన్ని వింటూ కూర్చున్నాడు. అక్షరం తప్పకుండా ఒక ఫిర్యాదు టైపు చేశాడు, కానీ అది తెరమీద వేరే గడిలో పడింది. కాగితం మీద "వికలాంగుల సౌకర్యాలు సర్వర్లో పనిచేస్తున్నాయి" అని రాసి ఉంది. బొమ్మ సంగతి ఎవరికీ చెప్పకుండానే సంతకం పెట్టాను. సయ్రగుల్‌కు కుదిరింది, తుర్దుబెక్‌కు కుదరలేదు, కనుక లోపం మనిషిదే అని తేల్చారు.

తుర్దుబెక్ సంతకం కోసం కాగితంలో ఏముందో ఎవరో చదివి వినిపించారు. ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు బాగానే పనిచేసిందన్నమాట."

అంతే అన్నాడు. సంతకం పెట్టకుండానే హెడ్‌ఫోన్ల తీగ చుట్టుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత సరస్సు ఒడ్డున, జనం విశ్రాంతికీ చికిత్సకూ వచ్చే ఒక శానిటోరియంలో మసాజు పనికి కుదిరాడని విన్నాను. గుడ్డివాడికి అదే తగిన పని అని మా కలీచా తృప్తిగా అంది. ఆమె మొహాన ఉమ్మాలనిపించింది. కానీ ముందు నా మొహానే ఉమ్ముకోవాలి కదా.

మూడేళ్ళకు నా చూపు ఇంకా కుంచించుకుపోయింది. ఎంత పెద్దది చేసినా ఒక్కో అక్షరమే కనబడుతోంది, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతున్నాను. సిగ్గు విడిచి, తుర్దుబెక్ రాసిన ఉత్తరాన్నే నా పేరుతో పంపాను. ఈసారి నిబంధన ఎవరికీ గుర్తు రాలేదు. అదిల్ ఫోను చేసి, సర్వర్లో నా ఖాతాకు చదివే ప్రోగ్రాం పెట్టాడు, శబ్దం ఇక్కడ మోగేలా మార్చాడు. ఫోను పెట్టేయకముందే పని అయిపోయింది.

పరీక్షగా ఒక పాత ఫిర్యాదు తెరిచాను. చెవిలో గొంతు పలికింది: "నమోదు చేసినవారు, తుర్దుబెక్ అసనాలియెవ్."

ఆ రోజే శానిటోరియానికి ఫోను చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. క్షమించమనడానికి నోరు రాలేదు. ఆయన ఒక్కటే అడిగాడు.

"పెట్టడానికి ఎంతసేపు పట్టింది?"

"పావుగంట, బాయ్కే."

"సరే. లోపల మసాజుకి మనిషి పడుకుని ఉన్నాడు, చేతులకి నూనె ఉంది," అని ఫోను పెట్టేశాడు.