చీటీ టీచరు గోడకు అంటించిన తప్పు బొమ్మ

మా బళ్లో కంప్యూటరు పాఠం చెప్పే ఆవిణ్ణి పిల్లలు చీటీ టీచరు అంటారు. ఎదురుగా కాదు లెండి. ఏఐ చేత బొమ్మ వేయించినా, వ్యాసం రాయించినా దాని కింద చీటీ ఉండాల్సిందే. ఏ యంత్రంతో చేశారు, దానికి రాసిచ్చిన ప్రాంప్టు ఏమిటి, అందులో మీ చేతి పని ఎంత అన్న మూడు సంగతులూ దాంట్లో రాయాలి. చీటీ లేకపోతే పని ఎంత బాగున్నా ఆవిడ ముట్టుకోదు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అన్నం డబ్బా మూతకి చీటీ అంటించుకొచ్చింది: ‘వండింది అమ్మమ్మ. నా చేతి పని: మూత పెట్టడం.’ అది చూసి ఆవిడకి కోపం వస్తుందనుకున్నాం. స్టాఫ్ రూములో అందరికీ చూపించి మురిసిపోయింది.

నేను లెక్కలు చెబుతాను. మా ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. మొదట్లో ఆవిడ చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది. ప్రపంచమంతా యంత్రాల చేత రాయించుకుని హాయిగా ఉంటే, మన పిల్లలకే ఈ శిక్ష ఏమిటని అడిగేశాను కూడా. “రాయించుకోవద్దన్నానా? రాయించుకున్నామని చెప్పమన్నాను, అంతే కదమ్మా,” అని మళ్లీ తన పాఠం దిద్దుకోవడంలో పడిపోయింది.

ఆ పాఠం ఆవిడ వేసవి సెలవులన్నీ కూర్చుని తయారుచేసుకున్నది. మొదటి రోజు కంప్యూటర్లు తెరవనివ్వదు. పిల్లల్ని కిటికీ దగ్గర నిలబెట్టి, వెలుగు ఎటునుంచి పడుతోంది, తడిసిన గోడ ఏ రంగులో ఉంది, మీరు ఎంత దూరం నుంచి చూస్తున్నారు అని అడుగుతుంది. వాళ్లు చెప్పిన మాటలే మర్నాటి ప్రాంప్టు. బతికున్న చిత్రకారుడి పేరు రాసి ‘ఆయనలాగా గీయి’ అనకూడదు. పేరు రాయకుండా ‘ఫలానా పత్రిక వెనక పేజీ బొమ్మలాగా’ అంటే పర్వాలేదా అని ఒక తెలివైనవాడు అడిగాడు. “పక్కింటి గోడ దూకాక, తలుపు తీయలేదు కదా అంటే ఒప్పుకుంటారా?” అంది. తరగతంతా నవ్వింది.

అంత జాగ్రత్త మనిషీ ఆ పాఠంలోనే కాలు జారింది. ఎందుకు కూడదో చెబితే సరిపోదు, చూపించాలనుకుంది. మా ఊళ్లోనే ఒక పెద్దాయన ఉన్నారు. పిల్లల పత్రికకి ఏళ్ల తరబడి బొమ్మలు గీశారు. అందరూ బొమ్మల తాతగారనే పిలుస్తారు. ఆవిడ ఆయన పేరు ప్రాంప్టులో రాసి, వానలో గొడుగు పట్టుకున్న పాప బొమ్మ యంత్రం చేత వేయించింది. దాన్ని కంప్యూటరు గది గోడకి అంటించి, కింద చీటీ పెట్టింది: ‘ఇలా చేయకూడదు. ఇది యంత్రం వేసింది. బతికున్న చిత్రకారుడి పేరు వాడి అడిగాం.’

తల్లిదండ్రుల సమావేశం రోజు ఎవరో ఆ బొమ్మని ఫోటో తీశారు. చీటీ ఫోటోలోకి రాలేదు. ‘మా పిల్ల బళ్లో బొమ్మల తాతగారి కొత్త బొమ్మ!’ అని పదిమందికీ పంపారు. ఊరంతా తిరిగింది.

ఆ వారంలోనే ఆయన బడికి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. ఆయన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, దానిమీద ఎడమచెయ్యి అదిమి కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక నేనే తొందరపడ్డాను.

“కింద చీటీ ఉందండీ, తాతగారూ. యంత్రం వేసిందనే రాశాం.”

చీటీ టీచరు నన్ను ఆపింది. “చీటీ గోడకి అంటించానమ్మా. బొమ్మతో పాటు వెళ్లేలా పెట్టలేదు. అయినా, పేరు వాడొద్దని చెప్పడానికి నేనే పేరు వాడాను. తప్పు నాదండీ.”

ఆయన కోప్పడితే బాగుండేదనిపించింది. నెమ్మదిగా చెప్పారు. “అమ్మా, నా చెయ్యి కొంతకాలంగా వణుకుతోంది. బయట ఎవరికీ చెప్పలేదు, ఓపిక లేదని తప్పించుకుంటున్నాను. ఈ ఫోటో చూసి అందరూ ఫోన్లు. చెయ్యి ఏమాత్రం తగ్గలేదండీ అని మెచ్చుకోవడం. మా ఆవిడైతే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది, నాకు చెప్పకుండా ఎప్పుడు గీశారండీ అని. నాది కాదని వెంటనే దానికి చెప్పడం నా వల్ల కాలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా దానికి ఆ సంతోషం ఉండనిచ్చాకే చెప్పాను.”

ఆయన కష్టం ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. ఆ ఫోటో చూసి పత్రికవాళ్లు కూడా మళ్లీ అట్టబొమ్మ అడుగుతున్నారట. ఆ బొమ్మ నాదేనంటే అబద్ధం. నాది కాదంటే, అయితే మీది గీసివ్వండి అంటారు. దాచుకున్నదంతా బయటపడుతుంది.

“నేను అందరికీ రాస్తాను,” అంది చీటీ టీచరు. “అది యంత్రం వేసిందని, మీ అనుమతి లేకుండా మీ పేరు వాడింది నేనని. మీ చెయ్యి సంగతి మాత్రం రాయను. అది చెప్పాలో వద్దో మీ ఇష్టం.” ఆయన ఎదుటే ఆ బొమ్మ ఫైలు చెరిపేసింది. ఊళ్లో తిరుగుతున్న ఫోటోలు తన చేతిలో లేవని కూడా దాచకుండా చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్ నిట్టూర్చింది. “ఎందుకొచ్చిన గొడవ. ఆ పాఠమే తీసేద్దాం.”

చీటీ టీచరు మొహం పాలిపోయింది. ఎదురు చెప్పే హక్కు తనకి లేదనుకుందేమో. తాతగారే తలెత్తారు.

“తీయకండమ్మా. నన్నొకసారి ఆ తరగతిలో కూర్చోనివ్వండి.”

ఆయన తరగతికి వచ్చిన రోజు నా పీరియడు వదులుకుని వెనక బెంచీలో నేనూ కూర్చున్నాను. ఆవిడ తాతగారి చెయ్యి సంగతి తప్ప జరిగిందంతా పిల్లలకి చెప్పింది, తన తప్పుతో సహా. ఇకమీదట చీటీ బొమ్మ చట్రం లోపలే ఉండాలంది. తప్పు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పుకుందాం, చేసి చూడొద్దంది.

“ఎవరైనా కావాలని చీటీ కత్తిరించేస్తే, టీచర్?” అన్నాడు ఒకడు.

“కత్తిరించేవాడు కత్తిరిస్తాడు నాన్నా. కనీసం, నాకు తెలియదని అనలేడు.”

అప్పుడు తాతగారు లేచి కాగితం అడిగారు. కూర్చుని పెన్సిలు పట్టుకున్నారు. గొడుగు పట్టుకున్న పాపనే గీశారు. గొడుగు అంచు గీస్తుంటే గీత ఇటూ అటూ కొట్టుకుపోయింది. ఆయన చెరపలేదు. ముందు బెంచీ పిల్ల ఉండబట్టలేక అడిగేసింది.

“గీత వంకరగా వచ్చింది కదా, తాతగారూ?”

“అవునమ్మా, వచ్చింది,” అన్నారు. పాప కాళ్ల దగ్గర నీటిమడుగు కూడా గీశాక చీటీ టీచరు వైపు చూశారు. “చీటీలో ఏమేం రాయాలన్నావు?”

పిల్లలే అందించారు. ఆయన బొమ్మ అంచు లోపలే, పెద్ద అక్షరాలతో, ఆగి ఆగి రాశారు:

‘పనిముట్టు: పెన్సిలు. ప్రాంప్టు: ఎవరూ ఇవ్వలేదు. నా చేతి పని: మొత్తం. చెయ్యి వణుకుతోంది.’

కింద సంతకం పెట్టి, కాగితాన్ని ఆవిడ ముందుకి జరిపారు. “ఫోటో తియ్యమ్మా. ముందు మా ఆవిడకి పంపు. తర్వాత పత్రికవాళ్లకి.”

చీటీ టీచరు కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. చివరి వాక్యం ఎక్కడ తెగిపోతుందోనని రెండుసార్లు వెనక్కి జరిగి, అప్పుడు తీసింది.