కొటేషన్‌లో ఆరో ఫ్యాను

మిక్సీ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనడం మొదలైన ఎండాకాలంలో, ఇల్లంతా వైర్లు మార్చక తప్పదని తేలిపోయింది. మధురైలో మాది పాత వీధి, పాత ఇల్లు. వైర్లు గోడల మీద చెక్క పట్టీల వెంబడి పాకుతూ ఉంటాయి. ఎర్త్ అనేదే లేదు.

మొదట వచ్చిన ఎలక్ట్రీషియను చిన్న కాగితం మీద మొత్తం ఒక్కటే రాసి, కింద "నల్ల క్వాలిటీ వైరు", అంటే మంచి రకం వైరు, అని అరవంలో రాసి గీత గీసి ఇచ్చాడు. ఏ వైరు, ఎంత లావు, ఎన్ని పాయింట్లు, ఏమీ లేదు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ కాగితాన్ని అట్లాగే మడిచి పక్కన పెట్టేశాను.

రెండో అతను మా భాషవాడే. వెనక వీధిలో చర్చి పక్కన వాళ్ల ఇల్లు. ఒక ఉదయమంతా ఇల్లు తిరిగి చూసి, రెండు రోజుల తర్వాత మూడు పేజీల కొటేషన్ తెచ్చిచ్చాడు. మా అందరిలాగే అతనూ మాట్లాడేది తెలుగు, రాసేది అరవం. మా ఆయన తెల్లారకముందే మాట్టుతావణి కూరగాయల మండీకి పోతాడు గనక ఆ పేజీలు చదివే పని నాదే అయింది.

బాగా రాశాడు. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు. గ్రైండరు, ఫ్రిజ్ లాంటి పెద్ద ప్లగ్గులకు రెండున్నర. మీటరు నుంచి బోర్డుకు నాలుగు. మంట అంటుకోని రకం, ఐఎస్ఐ ముద్ర ఉన్నదే, చుట్టలు నా కళ్లముందే విప్పుతానన్నాడు. గోడ తొలిచి లోపల వేసే పీవీసీ పైపు మీడియం గేజి. పల్చటిది వేస్తే సిమెంటు పూసేటప్పుడు నలిగిపోతుందట. కూలి పాయింటుకు ఇంతని. గోడ తొలవడం, తిరిగి పూయడం వేరే. ఎర్త్ గుంత వేరే.

పెన్సిలు పట్టుకుని గది గదికీ తిరిగి పాయింట్లు సరిచూశాను. లైట్లు సరిపోయాయి. ప్లగ్గులు సరిపోయాయి. ఫ్యాను పాయింట్లు ఆరని ఉంది. మా ఇంట్లో ఉన్నవి ఐదు. హాల్లో ఒకటి, రెండు పడకగదుల్లో రెండు, వంటింట్లో ఒకటి, ముందు వరండాలో ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను. కూలి పాయింటు లెక్కన కదా, ఒకటి కలిపేశాడనుకున్నాను. మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున అతను రాగానే కాగితం ముందు పెట్టాను.

"తమ్ముడూ, ఫ్యాన్లు ఐదే కదా. ఈ ఆరోది ఎక్కడిది?"

అతను కాగితం చూడలేదు. మా అత్త పడుకునే గది వైపు చూశాడు.

"నేనే అడగాలనుకొంటిని అక్కా. ఆ గోడ అవతల ఏముండాది?"

"పక్కిల్లు. మా పెద్దమామగారి వాటా. ఏళ్లుగా తాళం వేసుంది."

"పక్కిల్లు ఇంకా అవతల. నేను బయట నుంచి అడుగులు కొలిచి చూస్తిని. మీ గోడకూ వాళ్ల గోడకూ నడాన ఒక గది ఉండాది."

నేను నవ్వబోయాను. అతని ముఖం చూసి నవ్వు రాలేదు.

ఇల్లు తిరిగి చూసిన రోజే అన్ని స్విచ్చులూ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకి, మెయిను మాత్రం ఉంచి చూశాడట. తీగ చుట్టూ పట్టుకారులా పట్టించి కరెంటు కొలిచే మీటరు అతని దగ్గర ఉంది. ఏమీ నడవనప్పుడు అందులో సున్నా రావాలి. రాలేదు. ఇప్పుడు నా ముందే మళ్లీ అన్నీ ఆపి చూపించాడు. పావు ఆంపియరు. వంటింటి ఫ్యూజు తీస్తే సున్నా. పెడితే మళ్లీ పావు.

"ఒక కాత్తాడికి సరిపోయే కరెంటు అక్కా. లైను ఆ గోడలోకి పోతా ఉండాది. అందుకే ఆరు రాస్తిని." కాత్తాడంటే మా వైపు ఫ్యానే.

ఫ్యూజు పెట్టి ఉంచి నన్ను గోడకు చెవి ఆనించమన్నాడు. ఇల్లంతా ఆగి ఉంది. వీధిలో పూలమ్మే ఆమె కేక కూడా దూరమైంది. సున్నం గోడ చల్లగా ఉంది. లోపల ఏదో తిరుగుతోంది. మెల్లగా, ఒకే తీరున, చుట్టుకొకసారి చిన్నగా టక్కుమంటూ. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆ శబ్దం నేను విననిది కాదు. వీధి చివరి పిండి మిషనుదని అనుకునేదాన్ని.

నా వెనక మంచం మీద అత్త కూర్చుని ఉంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా అత్తా?"

అప్పుడు చెప్పింది. అది మా మామగారి అక్క గది. చిన్నప్పుడే భర్త పోయి, తమ్ముళ్ల దగ్గరే ఉండిపోయిన మనిషి. ఆమె పోయాక ఆ గది ఎవరి వాటా అని అన్నదమ్ములు తగువుపడ్డారు. మామగారూ, పెద్దమామగారూ ఇప్పుడు లేరు గానీ, అప్పుడు ఇద్దరూ వదల్లేదు. కడకు పెద్దలు ఎవరికీ వద్దని, రెండు వైపులా తలుపులు తీసేసి ఇటుక కట్టించారు. నా పెళ్లికి ముందు ఏడాది సంగతి.

"కాత్తాడి నిలిపితే లేచి అరిచేది. పోయినాక కూడా ఎవరికీ నిలపను చెయ్యి రాలేదు. గోడ కట్టే దినం కూడా తిరగతానే ఉండె."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిలుపుతారని."

పెరియకుళంలో మామిడి తోట చూసుకుంటున్న బావగారికి, అంటే పెద్దమామగారి కొడుక్కి, మా ఆయన ఫోన్ చేశాడు. ఆయన లేకుండా గోడ ముట్టుకోకూడదన్నది అత్త మాట. ఆ తర్వాతి ఆదివారం బస్సు దిగి వచ్చాడు. ఎలక్ట్రీషియనే ఇటుకలు ఒక్కొక్కటీ ఊడదీశాడు.

ముందు గాలి వచ్చింది. నా ముఖానికి తగిలింది. మూసిన గదిలోంచి, పదహారేళ్ల తర్వాత, మెత్తని ఫ్యాను గాలి.

లోపల నులక మంచం. దాని పైన, దుమ్ముతో నల్లబడి లావెక్కిన రెక్కలతో, ఫ్యాను తిరుగుతోంది. మూలల్లో దుమ్ము గట్లుగా పేరుకుంది కానీ మంచం కింద, చుట్టూ, నేల గుండ్రంగా శుభ్రంగా ఉంది, ఎవరో పొద్దున్నే ఊడ్చినట్టు. దండెం మీద ఒక తెల్ల చీర. దాని కొంగు లేస్తోంది, పడుతోంది.

ఎవరం అడుగు వేయలేదు. ఎలక్ట్రీషియను సిలువ గుర్తు వేసుకుని, "ఎవరు నిలుపుతారు?" అని మెల్లగా అడిగాడు.

అత్తే పోయింది. గోడకున్న నల్ల స్విచ్చు మీద వేలు పెట్టి, మంచం వైపు తిరిగి, "వదినా, చాలు ఇంక" అంది. రెక్కలు చాలాసేపు తిరిగాయి, ఆగడం మర్చిపోయినట్టు. ఆగాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది.

ఎలక్ట్రీషియను సీలింగు దగ్గర తీగ లాగితే పైతొడుగు పొడిపొడిగా రాలింది. లోపల తీగ బోడిగా ఉంది, పక్కన చెక్క పట్టీ నల్లగా కాలి ఉంది. ఇంకో ఎండాకాలం గడిచేది కాదన్నాడు. కొటేషన్‌లో ఆరు ఆరుగానే ఉండనిచ్చి నేను సంతకం పెట్టాను. గదికి రెండు వైపులా తలుపులు పెట్టించాలని బావగారు, మా ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఇద్దరూ ఆ మాట అనడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

సాయంత్రం బస్సుకు బయల్దేరే ముందు బావగారు ఆ ఇటుక కన్నం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మా పక్కకూ వినిపిస్తా ఉండె పిన్నీ," అన్నాడు అత్తతో. "మా నాయన ఉన్నన్నాళ్లూ సాయంత్రమైతే కుర్చీ ఆ గోడ పక్కన వేసుకొని కూర్చొనేవాడు. మేము దగ్గరికి పోతే లేచి వచ్చేసేవాడు. ఏమి చేస్తా ఉండావు నాయనా అంటే ఒక దినం కూడా చెప్పలేదు."

అత్త అతని చెయ్యి పట్టుకుంది. "ఈ పక్కన మీ చిన్నాయనా అంతే," అంది.