నీలం ఎక్కని కణాలు

చావును నేను ఒకసారి ఆపాను. సుంగై పెటాని ఊరి అవతల ఒక విశ్వవిద్యాలయంలో, నలభై ఎనిమిది డిష్షుల్లో మెదడు కణాలన్నీ చావాల్సిన రోజున, నా చేత్తో కలిపిన నీళ్ళు తగిలి ఒక్కటీ చావలేదు.

అక్కడి ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు ద్రావణాలు కలిపాను. రిటైరయ్యాక కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఆ ఏడాది పక్షవాతం మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయికి సాయం చేసేవాణ్ణి. రబ్బరు తోటలకు వలసొచ్చిన మా ఎస్టేటు తెలుగువాళ్ళ మనవరాలే; కోపమొస్తే మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలిస్తుంది. ఒక ఆకు నుంచి తీసిన మందు న్యూరాన్లను కాపాడుతుందని రెండేళ్ళుగా నిరూపిస్తోంది. ఇది ఆఖరి విడత. శుక్రవారం ప్రొఫెసర్‌కి చూపించాలి. కుదరకపోతే చదువు అక్కడితో సరి.

మెదడుకు రక్తం ఆగితే కణాలు ఊపిరాడక చస్తాయని అనుకుంటాం. కథ అంత సూటిగా నడవదు. శక్తి అయిపోయిన కణాల నుంచి గ్లుటమేట్ అనే రసాయనం బయటికి పొంగుతుంది. అది పక్క కణాల తలుపులు తెరిచి పట్టుకుంటుంది. ఆ తలుపుల్లోంచి కాల్షియం జొరబడుతుంది. కణానికి చిటికెడు కాల్షియం చాలు. వరదలా వస్తే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దాన్ని మింగి మింగి చతికిలబడతాయి, కణంలోని ఎంజైములు కణాన్నే తినడం మొదలెడతాయి. రక్తం తిరిగి వచ్చాక కూడా, గంటల తర్వాత, నింపాదిగా.

మేము ఎలుక పిల్లల న్యూరాన్ల మీద ఆ గ్లుటమేట్‌ను చేత్తో పోసేవాళ్ళం. కాల్షియం తగిలితే వెలిగే రంగు ముందే పట్టించి, చీకటి గదిలో తెర మీద చూసేవాళ్ళం. పొయ్యగానే అన్నీ ఒక్కసారి పచ్చగా వెలుగుతాయి. కాసేపటికి తగ్గుతాయి. గండం గడిచిందనుకుంటాం. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండా ఒక్కొక్కటే మళ్ళీ వెలుగుతుంది. ఇక ఆరదు. ఆ ఆరని వెలుగే చావు. ఎన్నిసార్లు చూసినా నా వీపు మీద ఏదో పాకేది.

ఆ మంగళవారం కొన్ని డిష్షుల్లో మందు వేసి, అన్నింట్లో గ్లుటమేట్ పోశాం. కణాలు ఉబ్బాయి. కానీ వెలగలేదు. ఎక్కడో ఒకటి మిణుకుమని ఆరింది. తెరంతా చీకటి. పది నిమిషాలాగి కడిగి, వాటిని పెంచే ద్రవంలో మళ్ళీ పెట్టాం. తెల్లారి, చచ్చినవాటికి మాత్రమే ఎక్కే నీలం రంగు వేసి ఆ పిల్ల చూసింది. ఉబ్బు దిగి, కొమ్మలు చాచుకుని, అన్నీ నిమ్మళంగా ఉన్నాయి. నీలం ఒక్కదానికీ ఎక్కలేదు.

"తాతా, మందు ఎయ్యనివి కూడా బతికినాయి. ఏటిది?"

"బతికితే మంచిదే కదే! నా సెయ్యి అలాంటిది."

"మంచిది కాదు లా! సావాల్సినవి సావకపోతే నా మందు దేన్ని కాపాడినట్టు? అయ్యో, రెండేళ్ళు సూసినదంతా తప్పేనా?"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకు బయ్యిం ఏస్తంది. అవి నన్నే సూస్తన్నట్టున్నాయి."

నాకూ భయం వేసింది. కారణం వేరు. గ్లుటమేట్ పోసేటప్పుడు కణాలను ఉంచే ద్రావణంలో కాల్షియం ఎప్పుడూ ఆఖర్న కలపాలి. ముందే వేస్తే మిగతా ఉప్పులతో కలిసి నీళ్ళు పాలు విరిగినట్టు విరుగుతాయి. సోమవారం మిగతావన్నీ తూచి వేసి, అవి కరిగేలోగా కింద కొట్లో తే తారిక్, అదే నురగ టీ, తాగుదామని వెళ్ళాను. అక్కడ పాత స్నేహితుడు దొరికాడు. తిరిగొచ్చి సీసాకి మూత పెట్టేశాను. గ్లుటమేట్ తలుపులు తెరిచే ఉంటుంది; లోపలికి రావడానికి బయట కాల్షియమే లేదు.

డిష్షులు నలభై ఎనిమిదని రాశాను కదూ? పన్నెండే. చావును ఆపింది నా చెయ్యి కాదు, నా మతిమరుపు. ఈ ముక్క నేనే వెళ్ళి, ఆ పిల్ల కళ్ళలోకి చూసి ఒప్పుకున్నాను.

ఆ విడతలో వాడకుండా మిగిలిన డిష్షులతో ఆ మధ్యాహ్నమే, కాల్షియం కలిపి మళ్ళీ చేశాం. తెర వెలిగింది, తగ్గింది, మళ్ళీ వెలిగింది. గురువారం పొద్దున మందు లేని డిష్షుల్లో నీలం కిక్కిరిసి ఉంది. మందు వేసినవాటిలో అక్కడక్కడే. అన్ని శవాలను చూసి ఆ పిల్ల చప్పట్లు కొట్టి నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇంటిదాకా వెంబడించింది.

ఇప్పుడు తను పాఠాలు చెబుతోంది. తెలుగు చదవడం రాదని ఇదంతా ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విని అంది:

"నువ్వు ఒప్పుకున్నావా? అబద్దం తాతా. సీలు ఇప్పని కాల్షియం సీసా నేనే ఎతికి తెచ్చి నీ ముందర ఎట్టినాను. అప్పుడు కూడా నువ్వు, పాత సీసాలోది ఏసినాను అన్నావు."