ఫొటోలో కెపాసిటర్‌ను కొలిచిన లింగస్వామి

సూర్యాపేటలో లింగస్వామి విప్పని రేడియో లేదు. ఊరి బడిలో ఏడో తరగతితో చదువు ఆపినవాడు, కోదాడలో ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన ఫంక్షన్ హాలు ఆంప్లిఫయర్‌ను గంటలో పలికించాడు. మిర్యాలగూడ రైసుమిల్లు తూకం మిషన్‌ను తాను కదలకుండా, ఫోన్లో బోర్డు ఫొటో చూసి బాగు చేయించాడు. గొప్ప కోసం చెప్పే మాట కాదిది, చూసినవాళ్లున్నారు.

ఆ తూకం మిషన్ ఫొటో పంపింది దివ్య, అట్లా పరిచయమైంది. మాడుగులపల్లి పక్క తండా పిల్ల, మిల్లులో కంప్యూటర్ పని. పాత సామాను కొట్టులో బోర్డులేరి, అవి ఏ మిషన్‌వో కనిపెట్టడం ఆమెకు సరదా. అట్లాంటివాళ్లు నలభైమంది కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. దాంట్లో లింగస్వామి పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఫొటోలో బోర్డు పక్కన రూపాయి బిళ్ల ఉండాలి. లేకుంటే ఫొటో చీమను ఏనుగంత చూపిస్తది, ఏనుగును చీమంత.

ఆదివారం పొద్దున గ్రూపులో దివ్య ఒక బోర్డు ఫొటో పెట్టింది. 'తాత, ఇదేందో చెప్పు. పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టి సూస్త.'

పక్కన బిళ్ల లేదు.

"ఆదివారం సుత ఆ పచ్చ పలకలతోనేనా సంసారం?" అంది భార్య పుష్పలత, చాయ్ పెడుతూ.

"సంసారమే. ఈ పలకలల్ల ఎవరి పని వాళ్లు చేస్తరు, ఎదురు మాట్లాడరు," అన్నాడాయన, చూపు తిప్పకుండా.

ఎనిమిది కాళ్ల నల్ల చిప్పు, అంటే టైమరు. పక్కన చిన్న ట్రాన్స్‌ఫార్మరు, వరుసగా డయోడ్లు, చివరికి ఎర్రటి కెపాసిటరు. బ్యాటరీ కరెంటును వందల వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నింపే ఏర్పాటు. లింగస్వామికి ఇది అరనిమిషం పని. 'దోమల బ్యాట్ బోర్డు బిడ్డా, బ్యాటరీ పెట్టుకో' అని రాసి పంపాడు.

చాయ్ ఒక గుటక తాగాక, ఫొటో మూలన ఉన్న ఆకుపచ్చ కనెక్టరు మీద చూపు పడింది. రెండు స్క్రూలున్నాయి. బయటి నుంచి లావు తీగలు తెచ్చి బిగించేదది. దోమల బ్యాట్‌కు బయటి తీగలెందుకు? ఫొటో పెద్దది చేశాడు. స్క్రూల పక్కన ఎఫ్, ఈ అని సన్నగా అచ్చు వేసి ఉంది. దాని వెనక మూడు కాళ్ల నల్లటి భాగం, వీపు మీద టివైఎన్ 612. అది థైరిస్టరు. కెపాసిటర్‌లో నిండినదంతా ఒక్కసారిగా వదిలే తలుపు. దోమకు అంత తలుపు అక్కర్లేదు.

అప్పుడు తట్టింది. ఆ మూడు కాళ్లదాని వెడల్పు ఏ దేశంలో తయారైనా సెంటీమీటరే. ఎక్కడో ఎవరో కుదుర్చుకున్న కొలత, ఇవాళ తన చేతికి అందింది. కాగితం అంచును ఫోన్ మీద ఆనించి ఆ వెడల్పు గుర్తు పెట్టాడు. దాన్నే కెపాసిటర్ పొడుగునా జరిపాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

చిటికెన వేలి గోరంత అనుకున్నది అయిదు సెంటీమీటర్లుంది.

వెంటనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారికి ఎత్తింది.

"బ్యాటరీ పెట్టినవా?"

"ఇప్పుడే పెట్టిన తాత. సెకనుకోసారి టక్, టక్ అంటుంది. చెవి దగ్గర పెట్టి ఇంటున్న."

"ఎనక్కి జరుగు. బోర్డు మీద చెయ్యి పెట్టకు. ముందు బ్యాటరీ క్లిప్పు తియ్యి."

"తీసిన. టక్ ఆగింది. ఇగ ఖతమే కద?"

"ఖతం కాలే. కరెంటు ఆ ఎర్రదాంట్ల కూసుంది. అది పొలం కంచెకు షాకిచ్చే మిషన్, పందులు రాకుండ పెట్టేది. ఎఫ్ అంటే ఫెన్సు, కంచె. ఈ అంటే ఎర్తు."

"నువ్వే కద తాత దోమల బ్యాట్ అన్నవ్?"

"అన్న. బిళ్లేది మరి?"

"చిల్లర యాడిది తాత, అంతా ఫోన్‌తోనే ఇస్తున్నం."

ఎర్రదాంట్లో నిండిన కరెంటు దింపడానికి బల్బు ఉందా అని అడిగాడు. ఇంట్లో సున్నా వాట్ బల్బు, హోల్డరు ఉన్నాయంది. హోల్డరుకు రెండు తీగలు బిగించి, వాటి కొసలు ముట్టకుండా ప్లాస్టిక్ తొడుగు మీద పట్టుకొని, కెపాసిటర్ రెండు కాళ్లకు ఆనించమన్నాడు. ఒక చెయ్యి వెనక పెట్టుకోమన్నాడు. పుష్పలత గ్లాసు పట్టుకొని అక్కడే నిలబడిపోయింది.

"ఎలిగింది తాత," అంది దివ్య మెల్లగా. "ఒక్క రెప్పపాటే. మెరుపు లెక్క."

"మళ్ల ఆనియ్యి."

"ఈసారి ఏం లేదు."

"మీటరు పెట్టు."

"రెండు వోల్టులు... ఒకటి... సున్నా. ఇంత డబ్బీల అంత పొడుగు కంచెకు సరిపోను కరెంటు ఎట్ల పడుతది తాత?"

నలభై ఏండ్లు అదే పని చేసి కూడా, ఆ రెప్పపాటు వెలుగు తన కండ్లతో చూడలేదే అనిపించింది లింగస్వామికి.

ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచాడు. తన 'దోమల బ్యాట్' మాట కింద అప్పటికే తొమ్మిది మంది శభాష్ అని బొటనవేళ్లు పెట్టారు. అందరూ చదివేటట్టు రాశాడు: 'నేను చెప్పింది తప్పు. ఇది కంచె మిషన్. ఎవ్వరూ ముట్టుకోవద్దు.'