మొగలి అత్తరుకి తోడు

కోల్‌కతా వైపు రైల్వే ఊళ్ళో, తెలుగువాళ్ళుండే ఝపటాపూర్‌లో అత్తరు అంటే పరమేశ్వరమ్మ కొట్టే. పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. ఆ పేరు ఆధార్ కార్డు దాటి బయటికి రాలేదు. కొట్టు నెత్తిన మామగారి కాలం నాటి బోర్డు: 'శుద్ధమైన పువ్వుల అత్తరు మాత్రమే'. ల్యాబులో చేసిన సెంటు మాటెత్తితే చాలు, ఆవిడ మొహం మాడిపోయేది.

అలాంటి మనిషి దగ్గరికి గోవిందరావు వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో పెయింటు పని చేసి రిటైరయ్యాడు. ఆ పెయింట్ల గాలికి ముక్కు మొద్దుబారిపోయింది పాపం. ఇప్పుడు కూతురు ఇందు పెళ్ళి.

"సెల్లెమ్మా, మా సోంపేట కాడ గట్ల మీద మొగలి పొదలుండేవి. ఇందు పీటల మీద కూకున్నప్పుడు ఆ వాసన నాకు తగలాల. ఈ ముక్కుకి ఏటీ ఆనదు. అయినా నువ్వు సేస్తావని వచ్చినాను."

"అదెంత పని అన్నయ్యా. పొద్దున్న రాస్తే రాత్రి దాకా ఉంటాది" అని మాటిచ్చేసింది పరమేశ్వరమ్మ.

గంజాం వైపు మొగలిపువ్వులు మరిగించి, ఆ ఆవిరిని గంధపునూనెలోకి దింపి చేసిన అసలైన అత్తరు అది. నిశ్చితార్థం రోజు స్వయంగా తనే ఇందు చేతికి రాసింది. తీరా భోజనాల వేళకి చూస్తే గంధం ఒక్కటే మిగిలింది. గోవిందరావు కూతురి చెయ్యి ముక్కుకి ఆనించుకుని, మెల్లగా దించి, "పర్లేదులే సెల్లెమ్మా" అన్నాడు. తిట్టినా అంత బాధపడేది కాదు ఆవిడ.

"కొట్లో రోజంతా ఉంటాదే, అక్కడేటయింది దానికి?" అని ఇంటికొచ్చి తల పట్టుక్కూర్చుంది.

కూతురు ఆమని కోల్‌కతాలో అగరుబత్తుల కంపెనీలో వాసనలు కలిపే ఉద్యోగం చేస్తుంది. సెలవులకి వచ్చి ఉంది. ఆ మాట విని పడీ పడీ నవ్వింది.

"అమ్మా, నువ్వు కూర్చునేదే అత్తర్లో. నీ చీరకి అదే, గోడకి అదే. వాసన చేతి మీదుందో కొట్లో ఉందో నీకెలా తెలుస్తాది?"

పరమేశ్వరమ్మ తన చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ప్రతి అత్తరునీ ఆ కొట్లో కూర్చునే పరీక్షించింది మరి!

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, వాసన చూడ్డానికి కాగితం ముక్కలు పట్టుకుని తల్లీకూతుళ్ళు డాబా ఎక్కారు. ఆమని ఒక చిన్న సీసా తీసింది. మొగలి వాసనలో ముఖ్యమైన పదార్థం, ల్యాబులో తయారైంది. పరమేశ్వరమ్మ అయిష్టంగానే వాసన చూసింది.

"మొగలే. కానీ పోపు పెట్టని చారులా ఉంది."

"పువ్వులో ఎక్కువ భాగం ఇదే. దీంతోబాటు ఇంకా బోలెడు వాసనలు పిసరంత పిసరంత ఉంటాయి. ఆ పోపు నీ అత్తర్లో ఉంది. కానీ నీ అత్తర్లో మొగలి తొందరగా ఎగిరిపోతాది, గంధం ఉండిపోతాది. అందుకే నీదానికి ఇది కొంచెం, మొగలిని గదంతా పరిచే మల్లెలాంటి వాసన పదార్థం కొంచెం, నిలబెట్టడానికి ల్యాబు కస్తూరి కొంచెం కలపాల. పెద్ద సెంట్లు చాలావరకు ఇలాగే చేస్తారు."

"అంటే కల్తీ."

"చెప్పకుండా కలిపితే కల్తీ."

పరమేశ్వరమ్మ తన అత్తరు సీసా మూత తీసింది. చుక్కలు లెక్కపెట్టి కలిపారు. మొగుడు వాసుదేవ్ జేబురుమాలుకి రాసి ఊరి మీదికి తోలారు. ఆయన సైకిలు మీద ప్రేమ్ బజార్ దాకా వెళ్ళి, సాయంత్రం వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. "టీ కొట్టు బెంగాలీ దాదా రెండుసార్లు అడిగాడే, ఏం రాసుకున్నావని!" రుమాలు ఇంకా మొగలి వాసనే వేస్తోంది.

పరమేశ్వరమ్మ సీసా పట్టుకుని సుభాష్‌పల్లిలో గోవిందరావు ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇందులో పువ్వు ఉంది, ల్యాబూ ఉంది. వద్దంటే పట్టుకుపోతాను అన్నయ్యా."

అతను సీసా అందుకుని వెలుగులో తిప్పి చూశాడు. "నువ్వు సేసినావు కదా, ఉండనీ" అన్నాడు.

పెళ్ళిలో గోవిందరావు అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు. భార్య చిట్టెమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. అత్తరు రాసిన ఇందు చెయ్యి కదిలి, పంకా గాలి ఇటు తిరిగింది. అతని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తాడు. నీళ్ళు పళ్ళెం నిండి, పొంగి, పెళ్ళికొడుకు పంచె తడిపేశాయి. "కడగండి బాబూ, కడగండి" అని పంతులుగారు విసుక్కున్నారు. గోవిందరావు వినిపించుకుంటేనా!

"వచ్చింది సెల్లెమ్మా" అన్నాడు, హాలు ఆ చివర నిలబడ్డ పరమేశ్వరమ్మ కేసి చూస్తూ. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి అతని చెయ్యి ఖాళీగా లేదు. ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

పెళ్ళి సందడి తగ్గాక ఒక పొద్దున్న గోవిందరావు కుంచె, పెయింటు డబ్బా పట్టుకుని ఝపటాపూర్ వచ్చాడు. పరమేశ్వరమ్మ స్టూలు పట్టుకుంటే పైకెక్కి, బోర్డు మీద 'మాత్రమే' అన్న ఒక్క మాటా శుభ్రంగా చెరిపేసి కిందికి దిగాడు.